'సంధే' అంటే చిక్కు, 'కూడా' అంటే చాలు

సందేహం: 'సదానందం' ఏ సంధి అని పరీక్షలో అడిగారు. ఆప్షన్లలో సవర్ణదీర్ఘం, జశ్త్వం రెండూ ఉన్నాయి. నేను జశ్త్వం పెట్టాను, కీలో సవర్ణదీర్ఘం అని ఇచ్చారు. "కీ తప్పు. జశ్త్వసంధే సరైన సమాధానం. మార్కు ఇవ్వగలరు" అని బోర్డుకు ఫిర్యాదు రాశాను. పంపేముందు భాష ఒకసారి చూడండి.

సమాధానం: ఇలాగే పంపితే ఒక్క ఏత్వం మీ కొంప ముంచుతుంది. 'జశ్త్వసంధే' అన్నారంటే 'అది తప్ప మరొకటి కాదు' అన్నట్టే. బోర్డువాళ్లు సదా + ఆనందం అని విడదీసి, దకారం మీది ఆకారమూ ఆనందంలోని ఆకారమూ కలిసి ఒకే ఆకారం అయ్యాయని చూపిస్తే మీ వాదన అక్కడితో సరి. నిజానికి ఈ పదం వినగానే ముందు తోచేదీ ఆ విరుపే, ఎప్పుడూ ఉండే ఆనందం అని.

అలాగని మీ జవాబు తప్పు కాదు. సత్ + ఆనందం అని విరిచినా 'సదానందం' అనే వస్తుంది. పదం చివరి తకారం అచ్చు ముందు దకారం అయింది. జగత్ + ఈశుడు జగదీశుడైనట్టే. సచ్చిదానందంలోని 'చిదానందం' కూడా ఈ దారినే వచ్చింది. రెండు విరుపుల్లోనూ చివరికి మిగిలేది అదే 'దా'. ఒకదానిలో దకారం ముందునుంచీ ఉంది, మరొకదానిలో తకారం మారి వచ్చింది. చెవికి తేడా తెలియదు.

రూపం కుదిరినంత మాత్రాన చాలదు, అర్థమూ కుదరాలి. 'సదాచారం' చూడండి. సదా + ఆచారం అని విడదీయడానికి రూపం ఏమీ అడ్డురాదు, కానీ ఆ మాటకు మంచి నడవడి అనే అర్థం స్థిరపడింది కాబట్టి సత్ + ఆచారమే. సదానందానికి ఆ ఇబ్బంది లేదు. 'సత్యమైన ఆనందం' అన్నా పొసుగుతుంది. అందుకని ప్రశ్నపత్రం మళ్లీ తీసి చూడండి. పదం ఒంటరిగా ఇచ్చారా, వాక్యంలో పెట్టి ఇచ్చారా? 'ఎన్నటికీ తరగని' లాంటి మాట పక్కన ఉంటే మీ అభ్యంతరం నిలవదు.

ఒంటరిగా ఇచ్చి ఉంటే ఇలా రాయండి: "కీలో ఇచ్చిన సవర్ణదీర్ఘసంధి సరైనదే. అయితే సత్ + ఆనందం అనే విభజన ప్రకారం జశ్త్వసంధి కూడా సరైనదే. ప్రశ్నలో అర్థాన్ని నిర్ణయించే ఆధారం ఏదీ లేదు కనుక రెండు జవాబులకూ మార్కు ఇవ్వాలని కోరుతున్నాను." ఇక్కడా ఏత్వం ఉంది కదా అంటారేమో. 'సరైనది' మీద పడిన ఏత్వం ఒప్పుదనాన్ని గట్టిచేస్తుంది, పక్కవాణ్ణి తోసెయ్యదు.

'ఫిర్యాదు' బదులు 'అభ్యంతరం' అనండి. ఫిర్యాదు అంటే ఎవరో అన్యాయం చేశారన్న ధ్వని వస్తుంది. 'ఇవ్వగలరు' ఆఫీసు ఉత్తరాల్లో బాగా పాతుకుపోయింది కానీ నాకు నచ్చదు. ఇవ్వగలరని వాళ్లకూ తెలుసు, ఇవ్వమని కదా మీరు అడుగుతున్నది!