వాలు ఫుటింగ్‌కు కాంక్రీటు లెక్క: సగటు తీస్తే ఎక్కడ తప్పుతుంది

"అనంతపురంలో ఇల్లు మొదలుపెట్టాం అన్నా. ఫుటింగ్ వాలు భాగం కింద 5 అడుగుల చదరం, పైన 2 అడుగుల చదరం, ఎత్తు అడుగు. కింది వైశాల్యం, పై వైశాల్యం కలిపి సగం చెయ్యమంటాడు మేస్త్రీ, 14.5 ఘనపుటడుగులు వస్తోంది. మా తమ్ముడు 12.25 అంటున్నాడు. ఏది కరెక్ట్?"

రెండూ కాదు తమ్ముడూ, 13. సూత్రం ఇది:

V = h/3 × (a² + b² + a×b)

a కింది భుజం, b పై భుజం, h ఎత్తు. 25, 4, 10 కలిపితే 39, దాన్ని 3తో భాగించి ఎత్తు 1తో గుణిస్తే 13. మీ తమ్ముడు భుజాల సగటు 3.5 తీసి దాన్ని వర్గం చేసి ఉంటాడు, అందుకే తక్కువొచ్చింది.

కడపలో మా ఇల్లు కట్టేటప్పుడు ఇదే వాదన వస్తే నేను కాగితం మీద ఫుటింగ్‌ను ముక్కలు చేసి చూపించాను. పైనున్న 2 అడుగుల చదరం నుంచి నిలువుగా కిందికి కోసుకో. మధ్యలో 2×2×1 దిమ్మె, అది 4. నాలుగు పక్కలా ఒక్కో వాలు ముక్క, 2 అడుగుల పొడవు, కింద 1.5 అడుగుల వెడల్పు, నిలువుకోతలో త్రిభుజం కాబట్టి సగం, అంటే 1.5 చొప్పున నాలుగూ కలిపి 6. ఇక మిగిలేవి నాలుగు మూలలు, అసలు తేడా అంతా అక్కడే. ఒక్కో మూల 1.5×1.5 అడుగుల చదరం మీద నిలబడిన చిన్న పిరమిడ్, దాంట్లో పట్టేది మూడో వంతే, 0.75, నాలుగూ కలిపి 3. మొత్తం 13.

మేస్త్రీ లెక్కలో మూలలు కూడా సగం పడతాయి, మీ తమ్ముడి లెక్కలో పావు వంతే పడతాయి. దిమ్మె, పక్కముక్కలు ముగ్గురికీ ఒకటే! కాబట్టి కింది భుజానికీ పై భుజానికీ తేడా తక్కువుంటే, ఉదాహరణకు 2 అడుగుల నుంచి 1.75కి తగ్గే స్తంభం పీఠమైతే, ఏ పద్ధతైనా పెద్దగా నష్టం లేదు. నీ ఫుటింగ్‌కు అలా కాదు, 12 ఫుటింగులుంటే మేస్త్రీ లెక్క 18 ఘనపుటడుగులు, అంటే సుమారు అర క్యూబిక్ మీటరు ఎక్కువ చూపిస్తుంది, తమ్ముడిది 9 తక్కువ చూపిస్తుంది, పోసేటప్పుడు మధ్యలో మాలు అయిపోతే ఎంత టెన్షనో సైట్‌లో నిలబడ్డవాళ్లకే తెలుసు.

ఇంకొకటి, ఎత్తు నిలువుగానే కొలవాలి. టేపు వాలు మీద ఆనిస్తే పక్క మధ్యలో సుమారు 1.8 అడుగులు చూపిస్తుంది, దాన్నే ఎత్తుగా వేస్తే 23.4 వస్తుంది. కాంక్రీటు పోసేశాక నిలువు కొలత దొరక్కపోతే, వాలు కొలత వర్గంలోంచి 1.5 వర్గం (భుజాల తేడాలో సగం) తీసేసి వర్గమూలం కట్టు, ఎత్తు వచ్చేస్తుంది. వాలు కింద నిటారుగా ఉండే అంచు భాగం ఉంటే అది ఈ సూత్రంలోకి రాదు, 5×5ను దాని మందంతో విడిగా గుణించి కలుపుకో, మందం 9 అంగుళాలైతే 0.9 కాదు, 0.75 అడుగులు.