ఒకటి గట్టు, ఒకటి చాలు

ప్రశ్న: మా ప్లాంట్‌లో తయారీ నిలకడగా ఉందో లేదో చూపించే ఎస్పీసీ చార్టులు తెలుగులో పెట్టాలనుకుంటున్నాం. కంట్రోల్ లిమిట్, ప్రాసెస్ కేపబిలిటీ, శాంప్లింగ్ లాంటి మాటలకి సరైన తెలుగు పదాలు చెప్పగలరా?

నేను ఆ పని ఒకసారి చేసి చేతులు కాల్చుకున్నాను కాబట్టి చెబుతున్నాను. డిక్షనరీ దగ్గర పెట్టుకుని మాత్రం మొదలుపెట్టకండి.

జీడిమెట్లలో ఒక టర్నింగ్ షాపులో క్వాలిటీ చూసేవాణ్ణి. షాఫ్ట్ వ్యాసం 20.00 మిల్లీమీటర్లు, డ్రాయింగ్‌లో అటూ ఇటూ 0.05 దాకా ఒప్పుకుంటారు. నేను ఎంతో శ్రద్ధగా స్పెసిఫికేషన్ లిమిట్‌ని ‘నిర్దేశిత పరిమితి’ అనీ, కంట్రోల్ లిమిట్‌ని ‘నియంత్రణ పరిమితి’ అనీ రాసి, లామినేట్ చేయించి మెషిన్ పక్కన అతికించాను. ఆడిటర్‌కి తెగ నచ్చింది. ఆయనకి తెలుగు రాదు.

వారం తిరక్కుండానే ఒక ఉదయం వెళ్తే ఎర్ర డబ్బాలో 39 షాఫ్టులున్నాయి. నైట్ షిఫ్ట్ కుర్రాడు కళ్ళు ఎర్రగా చేసుకుని నిలబడ్డాడు. "సార్, పరిమితి దాటినవన్నీ పక్కన పెట్టేశాను. ఒకటి దాటిందని టెన్షన్ వచ్చి, రాత్రంతా ప్రతి పీసూ కొలిచాను" అన్నాడు. మొత్తం 210 పీసులు కొలిచి, వరసగా పుస్తకంలో రాశాడు కూడా. ఒక్కొక్కటి తీసి మైక్రోమీటర్ పెట్టాను: 20.025, 19.981, 20.019. డ్రాయింగ్ ప్రకారం అన్నీ మంచి పీసులే.

తప్పు వాడిది కాదు, నా లామినేషన్‌ది. ఆ చార్టు లెక్క ఇది. ఐదేసి పీసుల సగటుల సగటు 20.002. ఐదింటిలో పెద్దదానికీ చిన్నదానికీ తేడా సగటున 0.024. ఐదు పీసుల గుంపుకి టేబుల్లో ఉండే గుణకం 0.577. పై గీత యూసీఎల్, కింది గీత ఎల్‌సీఎల్.

```
UCL = 20.002 + 0.577 × 0.024 = 20.016
LCL = 20.002 - 0.577 × 0.024 = 19.988
```

ఈ రెండు గీతలూ ఐదు పీసుల సగటు కోసం గీసినవి. సగటు తక్కువగా ఊగుతుంది, విడి పీసు ఎక్కువగా ఊగుతుంది. ఈ మెషిన్ బుద్ధిగా నడుస్తున్నా విడి పీసుల్లో వందకి దాదాపు 18 ఆ గీతలు దాటతాయి. 210లో 39 అంటే దాదాపు ఆ లెక్కే. వాడు రాసిన అంకెల్ని ఐదేసి కలిపి సగటు కట్టి చూస్తే ఒక్కటీ గీత దాటలేదు. పరిమితి అనే ఒకే మాట రెండిటికీ పెట్టి, ముందు విశేషణం మార్చి ఊరుకున్నాను. రాత్రి రెండింటికి విశేషణం ఎవడు చదువుతాడు? వాడు ఆఫ్‌సెట్ మార్చకుండా వదిలేయడం నా అదృష్టం. ఒక్కో పీసు చూసి అటూ ఇటూ జరిపి ఉంటే బాగున్న మెషిన్‌ని మేమే చెడగొట్టేవాళ్ళం.

సరైన మాట దొరికింది మా సీనియర్ ఆపరేటర్ దగ్గర. వ్యవసాయం వదిలేసి వచ్చిన మనిషి, అందరం పెద్దాయన అంటాం. నేను అరగంట వివరించాక ఆయన అన్నాడు: "అంటే సార్, ఒకటి కస్టమర్ వేసిన గట్టు, ఇంకోటి మన ఎడ్లు తోలే చాలు. గట్టు మనం జరపలేం. చాలు ఎంత వంకరపోతుందో మన ఎడ్లని బట్టి ఉంటుంది." అంతే. డ్రాయింగ్‌లోది గట్టు, చార్టులోది చాలు గీత. చాలు అంటే ‘ఇక చాలు’ అని వింటారేమోనని భయపడ్డాను గానీ మా దగ్గర ఎవరూ అలా వినలేదు. బోర్డు మీద ఒకే వాక్యం రాశాం: గట్టు పీసుకి, చాలు గీత ఐదింటి సగటుకి. ఇంకో జాగ్రత్త, ఈ రెంటినీ ఒకే చార్టు మీద గీయకండి. గీస్తే పక్కపక్కన పెట్టి పోల్చకుండా ఎవరూ ఉండలేరు.

ప్రాసెస్ కేపబిలిటీకి పుస్తకాల్లో ‘ప్రక్రియ సామర్థ్యం’ అంటారు. మా ప్రొడక్షన్ సూపర్‌వైజర్ బోర్డు మీద ‘సామర్థ్యం 1.55’ చూసి, "గంటకా, షిఫ్టుకా?" అని అడిగాడు. ఆయన చెవికి సామర్థ్యం అంటే ఎన్ని పీసులు దిగుతాయన్నదే. మేం ఇప్పుడు ‘ఇముడు’ అంటున్నాం. విడి పీసుల ఊగుని కొలిచే సిగ్మా మా మెషిన్‌కి 0.0103 వచ్చింది, అంటే సహజమైన ఊగులాట వెడల్పు, ఆరు సిగ్మాలు, 0.062. గట్ల మధ్య వెడల్పు 0.100. ఇది దానికి 1.62 రెట్లు, అదే సీపీ. గట్ల మధ్య మెషిన్ ఎంత వదులుగా ఇమిడిందో అది చెబుతుంది. సీపీకే మాత్రం దగ్గరి గట్టు ఎంత దూరంలో ఉందో చూస్తుంది. మాకు 1.55. టూల్ అరిగి సగటు 20.020కి జరిగిందనుకోండి, సీపీ 1.62 దగ్గరే కూర్చుంటుంది, సీపీకే 0.97కి పడిపోతుంది. ఎడ్లు వంకరపోలేదు, బండి మొత్తం ఒక గట్టు వైపు ఒరిగింది. ‘ఇముడు’, ‘గట్టు ఎడం’ అని రెండు మాటలు పెట్టాక ఈ తేడా మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు. అయితే సీపీ, సీపీకే, యూసీఎల్ అనే పొట్టి పేర్లని మాత్రం అలాగే ఉంచండి. కస్టమర్ ఫోన్‌లో అవే అడుగుతాడు. పైగా మా షాపులో సగం మంది ఒడిశా, బీహార్ కుర్రాళ్ళు. తెలుగులో పెట్టమని మీటింగులో ఊగిపోయేవాళ్ళకి ఆ సంగతి గుర్తుండదు.

శాంపిల్‌కి ‘నమూనా’ అని రాయకండి. నమూనా అంటే మనవాళ్ళకి చూపించడానికి పెట్టే మంచి పీసు. నిజంగానే ఒకాయన మెరిసే షాఫ్టులు ఏరి ఇచ్చేవాడు, పైగా గర్వంగా. ‘మచ్చు’ మంచి మాట, అందరికీ తెలుసు. కానీ మచ్చు ఎలా తీయాలో కూడా ఆ మాటలోనే ఉండాలి. నేను అన్నిచోట్లా ‘యాదృచ్ఛికంగా’ అని రాశాను. నోరు తిరగకపోవడం ఒక ఎత్తు, చార్టు విషయంలో అసలు అది తప్పు. చార్టుకి గంటకోసారి వరసగా దిగిన ఐదు పీసులే కావాలి. గంట పొడుగునా అక్కడొకటి ఇక్కడొకటి తీస్తే టూల్ అరుగుదల కూడా ఆ ఐదింటి తేడాలో కలిసిపోతుంది. తేడా పెరిగితే గీతలు వెడల్పవుతాయి, అప్పుడు సగటు నిజంగానే పక్కకి జరిగినా చార్టు కిక్కురుమనదు. ఇది ‘వరస మచ్చు’. రెడీ అయిన లాటుని తనిఖీ చేసేటప్పుడు మాత్రం క్రేటులో పైనుంచీ, మధ్య నుంచీ, అడుగు నుంచీ తీయాలి. ఇది ‘కలిపి మచ్చు’. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే చాలంటారు కదా, కుండలో అంతా ఒకేలా ఉడుకుతుంది కాబట్టి అది చెల్లుతుంది. క్రేటులో పై వరస పొద్దుటిది, అడుగున రాత్రిది.

చివరిగా ఇంకో మాట. ‘అవుట్ ఆఫ్ కంట్రోల్’కి నేను ‘అదుపు తప్పింది’ అని పెట్టాను. పేపర్లో అదుపు తప్పేది లారీలు, బస్సులు. చార్టులో ఒక చుక్క పైకి పోయిందని పక్క మెషిన్ అమ్మాయి "అదుపు తప్పింది!" అని అరిస్తే, మా కుర్రాడు పరుగున వెళ్ళి ఎమర్జెన్సీ స్టాప్ నొక్కాడు. టూల్ జాబులోనే ఇరుక్కుని విరిగింది. ఇప్పుడు ఆ బోర్డు మీద ‘చాలు తప్పింది’ అని ఉంది. దాని కింద పెద్దాయన సుద్దతో రాశాడు: ఆపకు, ముందు ఇన్సర్ట్ చూడు.