20 వేలు కడితే 6 లక్షల విలువైన షేర్లు వస్తాయా? జూలైలో వచ్చే పన్ను సంగతి కూడా చూడండి

"మేడమ్ గారూ, మాది పర్లాకిమిడి, రైస్ మిల్లు ఉంది. మా బాబు బెంగళూరులో ఒక స్టార్టప్‌లో చేస్తున్నాడు. జీతం ఏడాదికి 12 లక్షల 75 వేలు, టాక్స్ ఏమీ పడట్లేదు. ఇప్పుడు అదే జీతానికి వైజాగ్‌లో ఉద్యోగం వచ్చింది, సెప్టెంబర్ ఆఖరికి ఇక్కడ మానేస్తానంటున్నాడు. కంపెనీ ఇచ్చిన ఈసాప్‌లు, అదే ముందే ఖాయం చేసిన ధరకి కంపెనీ షేర్లు తీసుకునే హక్కులు, 2000 వాడి పేరు మీద ఉన్నాయి. ఒక్కోటి 10 రూపాయలకి తీసుకోవచ్చు, విలువ 310 ఉందట. మానేశాక 90 రోజుల్లో తీసుకోకపోతే పోతాయట. 20 వేలు కడితే 6 లక్షల 20 వేలు కదా! ఇంకో రెండేళ్లు ఉంటే మరో 2000 వస్తాయి. ఇంత వదిలేసి ఎవరైనా వెళ్తారా? ఉండమనాలా, వెళ్లనివ్వాలా, రెండిటికీ తేడా చెప్పండి."

అన్నయ్యగారూ, ముందు ఒక మాట. మీరు భయపడుతున్నట్టు బాబు ఏదో పెద్ద ఆస్తి వదిలేసి వెళ్లిపోవడం లేదు. బరంపురంలో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు, గుణుపురం, రాయగడ నుంచి ఫోన్ చేసేవాళ్లు ఈ మధ్య ఇదే ప్రశ్న అడుగుతున్నారు. అందరికీ ఒకటే టెన్షన్, చేతికందిన డబ్బు జారిపోతోందేమో అని. ఆ డబ్బు ఇంకా చేతికి అందలేదు. అందకముందే దాని మీద పన్ను పడుతుంది. మీ లెక్కలో లేనిది అదే.

ఈసాప్ ఇచ్చిన రోజున పన్ను లేదు. ఏడాదో రెండేళ్లో గడిచి అవి మీ బాబుకి హక్కుగా మారిన రోజున కూడా లేదు. 10 రూపాయలు కట్టి షేరు తీసుకున్నప్పుడు మాత్రం, ఆ తీసుకున్న రోజున షేరు మార్కెట్ విలువ ఎంతో చూసి, అందులోంచి కట్టిన ధర తీసేసి, మిగిలిందంతా జీతంతో సమానమని ఆదాయపు పన్ను చట్టం అంటుంది. 310 లోంచి 10 పోతే 300. అలాంటివి 2000 అంటే 6 లక్షలు. షేరు అమ్మారా, డబ్బు బ్యాంకులో పడిందా అని ఎవరూ అడగరు. ఆ 6 లక్షలు ఆ ఏడాది జీతంలో కలిసిపోతాయి.

మీ మిల్లు లెక్కలో చెప్తాను. గోడౌన్‌లో బస్తాలు ఉన్నాయి, కొనేవాడు ఇంకా రాలేదు, వస్తాడో లేదో తెలియదు, కానీ మార్కెట్ రేటు చూసి లాభం వచ్చినట్టే లెక్కకట్టి పన్ను కట్టమంటే మీరెంత గొడవ చేస్తారు? స్టాక్ మార్కెట్లో లేని కంపెనీ షేరు తీసుకోవడమంటే అచ్చంగా అదే. లిస్టయిన కంపెనీ అయితే పన్నుకి సరిపడా షేర్లు వెంటనే అమ్మి కట్టేయొచ్చు. మీ బాబు కంపెనీ షేర్లు కొనడానికి ఇప్పుడు మనిషి లేడు.

ఇక ఆ పన్ను ఎంతో చూద్దాం, 2025-26 కొత్త పన్ను విధానం ప్రకారం. జీతం 12,75,000, స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 12 లక్షలు. అక్కడిదాకా రిబేటు వల్ల పన్ను సున్నా, అందుకే ఇప్పుడు ఏమీ పడట్లేదు. దానికి ఈసాప్‌ల 6 లక్షలు కలిస్తే 18 లక్షలు అవుతుంది. 12 లక్షలు దాటగానే రిబేటు పోతుంది కాబట్టి పన్ను కొత్తగా వచ్చిన 6 లక్షల మీద మాత్రమే కాదు, 4 లక్షల పైనుంచి మొత్తం మీద పడుతుంది. 4 నుంచి 8 లక్షలకి 20 వేలు, 8 నుంచి 12 కి 40 వేలు, 12 నుంచి 16 కి 60 వేలు, మిగిలిన 2 లక్షలకి 40 వేలు. మొత్తం 1,60,000, దాని మీద 4 శాతం సెస్ కలిపితే 1,66,400. మీరు కట్టే 20 వేలు కూడా కలపండి, 1,86,400. అంటే ఆ షేరు బాబుకి 10 రూపాయలకి రావడం లేదు, 93 రూపాయల చిల్లరకి వస్తోంది. మీరు గుర్తుపెట్టుకోవాల్సిన ధర ఇదే.

చాలామంది ఇక్కడ, పోనీ కొన్నే తీసుకుంటే సరిపోతుంది కదా అంటారు. కంపెనీ ఒప్పుకుంటే తీసుకోవచ్చు, కానీ లెక్క మీరనుకున్నట్టు తగ్గదు. 500 మాత్రమే తీసుకుంటే జీతంలో కలిసేది లక్షా 50 వేలు, ఆదాయం 13 లక్షల 50 వేలు, పన్ను సెస్‌తో 85,800. పావు వంతు షేర్లకి సగానికి పైగా పన్ను! రిబేటు పోయిన దెబ్బ మొదటి రెండు వందల చిల్లర షేర్లలోనే మొత్తం పడిపోతుంది. ఈ ఏడాది సగం, వచ్చే ఏడాది సగం అని పంచుకున్నా ఇదే జీతం మీద రెండుసార్లు రిబేటు పోయి, మొత్తం పన్ను 2,18,400 అవుతుంది. పెద్ద జీతాలవాళ్లకి ఏళ్లవారీగా పంచుకోవడం కలిసిరావచ్చు, సరిగ్గా 12 లక్షల గట్టు మీద నిలబడ్డ మీ బాబు లాంటి వాళ్లకి మాత్రం రాదు.

ఇంకో ప్రమాదం ఉంది, నేను మీకు ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే. షేర్లు ఇచ్చేటప్పుడు పాత కంపెనీ టీడీఎస్ కోయాలి. కానీ బాబు సెప్టెంబర్‌లో మానేస్తే ఆ కంపెనీ దగ్గర ఉన్న లెక్క ఏమిటి? ఆరు నెలల జీతం 6,37,500, ఈసాప్‌లు 6,00,000, అందులోంచి 75,000 తీస్తే 11,62,500. 12 లక్షల లోపే. కాబట్టి సున్నా. వైజాగ్ కంపెనీకి మిగతా ఆరు నెలల జీతం మాత్రమే కనబడుతుంది, అక్కడా సున్నా. ఇద్దరూ తప్పు చేయలేదు, ఒక్క రూపాయి కోయలేదు, బాబు సంతోషంగా ఉంటాడు. తర్వాత జూలైలో రిటర్న్ వేయడానికి రెండు కంపెనీలు జీతం, కోసిన పన్ను రాసి ఇచ్చిన ఫారం 16 లు పక్కపక్కన పెట్టగానే 1,66,400 బాకీ బయటపడుతుంది, పైన వడ్డీ కూడా. రెండేళ్ల కిందట ఒక అబ్బాయికి ఇలాగే జరిగింది. వాళ్ల నాన్న అమ్మాయి పెళ్లికని దాచిన డిపాజిట్ విరగ్గొట్టి కట్టారు, ఆ షేర్లు ఇప్పటికీ అమ్ముడుపోలేదు.

అందుకని ఒకవేళ తీసుకుంటే, కొత్త కంపెనీలో చేరిన రోజే పాత కంపెనీ జీతం, ఈసాప్ విలువ రెండూ రాసి ఇవ్వమనండి. వాళ్లు మిగతా నెలల జీతంలోంచి పన్ను కోసుకుంటారు. అలా కాకపోతే బాబే డిసెంబర్ 15, మార్చి 15 వాయిదాల్లో అడ్వాన్స్ టాక్స్ కట్టుకోవాలి. కట్టకుండా వదిలేస్తే ఏప్రిల్ నుంచి నెలకి 1 శాతం వడ్డీ నడుస్తుంది, వాయిదాలు తప్పినందుకు వేరే వడ్డీ కూడా ఉంటుంది.

స్టార్టప్ ఉద్యోగులకి ఈ పన్ను ఐదేళ్ల దాకా వాయిదా ఉంటుందని మీకు ఎవరైనా చెప్పొచ్చు. నిజమే, ఉంది. అయితే స్టార్టప్‌గా గుర్తింపు ఉన్న ప్రతి కంపెనీకీ కాదు, ప్రభుత్వ బోర్డు నుంచి ప్రత్యేకంగా పన్ను మినహాయింపు సర్టిఫికెట్ పొందినవాటికే. పైగా ఉద్యోగం మానేస్తే 14 రోజుల్లో ఆ వాయిదా ముగిసిపోతుంది. మానేసి వెళ్తున్న మీ బాబుకి అది ఉపయోగపడదు.

ఆ 310 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడగాలి. లిస్టయిన కంపెనీకైతే ఆ రోజు ఎక్స్‌ఛేంజ్‌లో మొదటి ధర, చివరి ధర సగటు తీస్తారు. లిస్టు కాని కంపెనీకి సెబీలో నమోదైన మర్చంట్ బ్యాంకర్ విలువ కట్టాలి, ఆ రిపోర్టు షేరు తీసుకున్న రోజుకి 180 రోజుల కంటే పాతది కాకూడదు. పిల్లలు ఫోన్లో చూసి చెప్పే ధర చాలాసార్లు చివరిసారి పెట్టుబడిదారులు కొన్న ధర. వాళ్లు కొన్న షేర్లకి డబ్బు ముందు తిరిగొచ్చే హక్కులు ఉంటాయి, బాబు షేరుకి అవి ఉండవు, కాబట్టి రెండూ ఒకే ధర కానక్కర్లేదు. పన్నుకి పనికొచ్చేది రిపోర్టులోని ధరే. అది తక్కువైతే పన్నూ తగ్గుతుంది.

రేపు ఆ షేరు 100 కి పడిపోయి, ఆ ధరకే అమ్మితే? అమ్మకం లెక్కలో కొన్న ధర 310 అని తీసుకుంటారు, కాబట్టి 4 లక్షల 20 వేల నష్టం వచ్చినట్టు. ఆ నష్టాన్ని జీతం మీద కట్టిన పన్నులోంచి తగ్గించుకోలేం. ఎనిమిదేళ్ల దాకా వేరే షేర్లలోనో స్థలం అమ్మితేనో లాభం వస్తే అందులో సర్దుకోవచ్చు. కట్టిన 1,66,400 వెనక్కి రాదు.

నా మనసులో మాట చెప్తాను. లిస్టు కాని కంపెనీ ఈసాప్‌లని జీతంలో కలిపి ప్యాకేజీ అని చెప్పడం నాకు మొదటినుంచీ నచ్చదు. అవి నిజంగా డబ్బయిన పిల్లలు ఉన్నారు, కాదనను. కంపెనీయే వెనక్కి కొనడమో, ఐపీఓకి రావడమో జరిగినప్పుడు వాళ్లకి డబ్బు వచ్చింది. అది ఎప్పుడు జరుగుతుందో ఉద్యోగి చేతిలో లేదు, తండ్రి చేతిలో అసలే లేదు. మీరేమో ఆ 6 లక్షలు వచ్చినట్టే అనుకుని, ఇంకో రెండేళ్లు బాబుని అక్కడే కూర్చోబెట్టాలని చూస్తున్నారు. చుట్టాల దగ్గర ప్యాకేజీ ఎంతని చెప్పుకున్నారో నాకు తెలియదు గానీ, ఆ అంకె నిలబెట్టడానికి వాడు ఉండాల్సిన పని లేదు. అసలు వైజాగ్ ఎందుకు వెళ్తానంటున్నాడో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అడిగారా? అక్కడ పని నచ్చలేదా, ఇంటికి దగ్గరగా ఉండాలనుకుంటున్నాడా, కంపెనీలో జీతాలు ఆలస్యమవుతున్నాయా? ఈ మూడోది అయితే ఆ 310 రూపాయల సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. ఇరవై అయిదేళ్ల కుర్రాడు అదే జీతానికి సొంతవాళ్లకి దగ్గరగా వస్తానంటే అడ్డుపడకండి, దయచేసి.

ఉంటే మంచిదా, వెళ్తే మంచిదా అంటే నా జవాబు వెళ్లనివ్వమనే. మిగతా 2000 కోసం ఉన్నా, తీసుకునే రోజున ఇదే పన్ను మళ్లీ ఎదురవుతుంది. చేతిలో ఉన్న 2000 తీసుకోకుండా వదిలేస్తే పన్ను లేదు, అప్పు లేదు, జేబులోంచి పోయేది ఏమీ లేదు. తీసుకోవాలా వద్దా అన్నదానికి తొందర లేదు, సెప్టెంబర్ 30 న మానేస్తే డిసెంబర్ 29 దాకా సమయం ఉంది. ఆ లోపు బాబు చేత హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టించండి: మర్చంట్ బ్యాంకర్ రిపోర్టు తేదీ, ధర ఎంత, ఇప్పటిదాకా కంపెనీ ఎప్పుడైనా ఉద్యోగుల దగ్గర షేర్లు వెనక్కి కొన్నదా, కొంటే ఏ ధరకి, మానేసినవాళ్ల దగ్గర కూడా కొన్నదా. 93 కంటే బాగా ఎక్కువ ధరకి నిజంగా కొన్నట్టు రాతపూర్వకంగా చెప్తే, బాబు తన పొదుపులోంచి 1,86,400 పెట్టగలిగితే, అది ఏళ్ల తరబడి ఇరుక్కుపోయినా పర్వాలేదనుకుంటే తీసుకోమనండి. మిల్లు ఓడీలోంచి గానీ, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి గానీ మాత్రం వద్దు. జవాబు వచ్చాక నాకు పంపండి, ధర మారితే లెక్క మళ్లీ వేసిస్తాను.