పాలపన్నుకి పల్పాటమీ: నొప్పి పోయిందా అని కాదు, ఎక్స్‌రేలో ఏముందో అడగండి

"మా పాపకి ఆరేళ్లు. కింది దవడ పన్ను బాగా పుచ్చింది. పల్పాటమీ చేసి స్టీల్ క్యాప్ వెయ్యాలంటున్నారు. ఎలాగూ ఊడిపోయే పన్నే కదా, ఇదంతా అవసరమా? చేయించాక నొప్పి పోతే సక్సెస్ అయినట్టేనా?"

మొదటిదానికి అవును, రెండోదానికి కాదు. పల్పాటమీ అంటే పన్ను పైగదిలో చెడిన నరాన్ని మాత్రమే తీసేసి, వేర్లలోదాన్ని బతికించుకోవడం.

అది కింది రెండో పాల దవడ పన్ను అనుకుందాం. మామూలుగా అది ఊడేది 10–12 ఏళ్లకు, అంటే ఇంకా నాలుగైదేళ్లు నమలాల్సిన పన్ను. సరిగ్గా దాని వెనకే ఆరేళ్లకు మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. ముందున్న పన్ను పీకేసి ఆ ఖాళీని కాపాడకపోతే, వెనకది ముందుకు జరిగి, కింద పెరుగుతున్న పన్నుకి చోటు లేకుండా చేస్తుంది.

అయితే పల్పాటమీ ప్రతి పుచ్చుపన్నుకీ పనికిరాదు. పైగదిలోని నరం చెడినా వేర్లలోది బతికే ఉందన్న నమ్మకం మీద చేసే పని ఇది. తీపో చల్లటిదో తగిలితే జివ్వుమని, కాసేపటికి తగ్గిపోతుంటే ఆశ ఉంది. రాత్రి నిద్రలోంచి లేచి ఏడుస్తోందా, చిగురు మీద చీముపొక్కు ఉందా, పన్ను కదులుతోందా, ఎక్స్‌రేలో రెండు వేర్ల మధ్య ఎముక నల్లగా కనిపిస్తోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పల్పాటమీ వద్దు. ఎక్స్‌రే తియ్యకుండా మొదలుపెట్టే చోట చేయించకండి.

అసలు తీర్పు కుర్చీలోనే తేలుతుంది. మత్తు ఇచ్చి, లాలాజలం రాకుండా రబ్బర్ డ్యామ్ కట్టి, ముందు పక్కగోడల పుచ్చంతా తీసి, ఆ తర్వాతే నరం గదిని తెరుస్తారు. పైకప్పు పూర్తిగా తీసేసి, గదిలోని గుజ్జుని, అంటే చెడిన నరాన్ని, వేర్ల ద్వారాల దాకా తొలగిస్తారు. అప్పుడు సెలైన్‌లో తడిపిన దూది ఉండ పెట్టి కొద్ది నిమిషాలు మెత్తగా నొక్కుతారు. పొడి దూది పెడితే పోగులు గడ్డకి అతుక్కుని, తీసేటప్పుడు మళ్లీ రక్తం మొదలవుతుంది. ఐదు నిమిషాల్లోపు ఆగితే వేర్లలోని నరం ఆరోగ్యంగా ఉందని లెక్క. ఆగకపోతే ముందు పైకప్పు అంచుల కింద గుజ్జు ముక్క మిగిలిందేమో వెతకాలి, చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది. అదీ లేకుండా ముదురెరుపు రక్తం కారుతూనే ఉంటే వాపు వేర్లలోకి దిగినట్టే. అప్పుడు వేర్లలోని నరాన్ని కూడా తీసేసే పల్పెక్టమీ చెయ్యాలి, లేదా పన్ను పీకాలి. మందు అద్ది బలవంతంగా రక్తం ఆపేసి ముందుకెళ్తే ఆ హెచ్చరికను కప్పేసినట్టవుతుంది. ఈ పరీక్ష కూడా నూటికి నూరుపాళ్లు నిజం చెప్పదు, కాబట్టి లక్షణాలు, ఎక్స్‌రే, రక్తం మూడూ ఒకే మాట చెప్పాలి.

ఇక రక్తం ఆగాక మిగిలిన నరం మీద పెట్టే మందు. ఫార్మోక్రెసాల్ దశాబ్దాల పాటు రాజ్యమేలింది. అందులో ఉండే ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చాక చాలామంది దూరమయ్యారు. ఫెర్రిక్ సల్ఫేట్ పదిహేను సెకన్లలో రక్తం ఆపుతుంది, చవక కూడా. నా ఓటు మాత్రం ఎంటీఏ, లేదా బయోడెంటిన్ అనే సిమెంట్లకి. ఇవి నరాన్ని చంపకుండా దాని మీద గట్టి కవచం కట్టనిస్తాయి. ఎంటీఏ గట్టిపడటానికి గంటలు పడుతుంది, పన్ను రంగు మారొచ్చు, కానీ స్టీల్ క్యాప్ కింద ఆ రంగు ఎవరికీ కనబడదు. బయోడెంటిన్ పన్నెండు నిమిషాల్లో గట్టిపడుతుంది. పాలపళ్లలో కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టడం మానేయాలి, లోపలి నుంచి వేరు కరగడం దానితోనే ఎక్కువ.

మందు గురించి ఇంత వాదించేవాళ్లు క్యాప్ గురించి అంత పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. తాత్కాలిక సిమెంట్ పెట్టి "నెల తర్వాత రండి" అంటే, ఆ నెలలో అంచుల నుంచి లాలాజలం దిగి మంచి పల్పాటమీ కూడా పాడవుతుంది. వీలైతే క్యాప్ ఆ రోజే వేయించండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. విఫలమైన పల్పాటమీ చాలాసార్లు నొప్పి పెట్టదు. పాప హాయిగా నములుతూనే ఉంటుంది, లోపల ఎముక కరుగుతుంటుంది. అందుకే ఆరు నెలలకోసారి చిగురు, వాపు, కదలిక చూడాలి. మొదటి ఏడాదిలోపు ఒక ఎక్స్‌రే తప్పకుండా తియ్యాలి. అందులో చూడాల్సింది వేరు కొస కాదు, రెండు వేర్లు విడిపోయే చోటు. పాలపన్ను గది నేల పల్చన, అందులో సన్నని దారులుంటాయి, ఇన్ఫెక్షన్ ముందు అక్కడే దిగుతుంది. అక్కడ కొత్తగా నలుపు కనిపిస్తే విఫలమైనట్టే. వేరు కాలువ సన్నబడి మూసుకుపోతున్నట్టు కనిపిస్తే మాత్రం భయపడకండి, నరం బతికుండి గట్టి పొర కట్టుకుంటోందన్నమాట.

వేరు లోపల కొద్దిగా కరిగిన మచ్చ కనబడి, పెరగకుండా ఉంటే కనిపెట్టుకుని ఉండొచ్చు. అది వేరు గోడని చీల్చి ఎముకలోకి వచ్చినా, చీము కనిపించినా పన్ను తీసేసి, వెంటనే ఆ ఖాళీని కాపాడే స్పేస్ మెయింటైనర్ పెట్టించాలి.