కంపెనీ షేర్లు డిస్కౌంట్‌లో ఇస్తుంటే సేవింగ్స్ అన్నీ అందులోనే పెట్టేయాలా?

ప్రశ్న: సర్, నాకు క్యాంపస్‌లో జాబ్ వచ్చింది, వచ్చే నెల జాయినింగ్. కంపెనీ వాళ్ళు తమ షేర్లనే ఎంప్లాయీస్‌కి 15 శాతం డిస్కౌంట్‌కి ఇస్తారంట. సీనియర్లు అందరూ సేవింగ్స్ మొత్తం అందులోనే పెడుతున్నారు, మూడేళ్ళలో బాగా పెరిగిందంటున్నారు. నాన్నేమో నాలుగు చోట్ల పెట్టమంటున్నారు. అలా పంచితే వచ్చే లాభం కూడా తగ్గిపోతుంది కదా సర్?

జవాబు: చూడమ్మా, డిస్కౌంట్ వదులుకోకు, కొనుక్కో. కానీ కొన్నవి అక్కడే ఉంచేయకు. ఈ రెండూ వేరు వేరు విషయాలు, మీ సీనియర్లు వాటిని కలిపేస్తున్నారు. 100 విలువ చేసే షేర్ నీకు 85కి వచ్చిందంటే నీ లాభం ఆ కొన్న రోజే వచ్చేసింది, 85 మీద 15 అంటే దాదాపు 17.6 శాతం, ఏం చెయ్యకుండానే. ఆ తర్వాత నువ్వు ఆ షేర్‌ని ఇంకో మూడేళ్ళు పట్టుకు కూర్చుంటే డిస్కౌంట్ మళ్ళీ మళ్ళీ రాదు, అప్పటినుంచి నువ్వు కూడా బయట మార్కెట్లో పూర్తి రేటుకి కొన్నవాడితో సమానమే. అందుకే అమ్ముకోనిచ్చే మొదటి రోజు నిన్ను నువ్వు ఒక్క ప్రశ్న వేసుకో: ఇప్పుడు ఇంత డబ్బు చేతిలో ఉంటే, డిస్కౌంట్ లేకుండా, ఇదే కంపెనీ షేర్లు కొంటానా? కొనను అనిపిస్తే అమ్మేసి వేరే చోట పెట్టు. లాక్-ఇన్, అంటే అమ్మకుండా ఉంచుకోవాల్సిన కాలం, ఎంత, త్వరగా అమ్మితే ట్యాక్స్ ఎలా పడుతుంది అన్నవి మాత్రం ముందే హెచ్‌ఆర్‌ని అడిగి తెలుసుకో, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

ఇప్పుడు నేను కెరీర్ కౌన్సెలర్‌గా చెప్పాల్సిన అసలు మాట. నీ సేవింగ్స్ ఎక్కడ పెట్టాలి అని ఆలోచించేటప్పుడు నీ జీతాన్ని లెక్కలోంచి తీసేస్తున్నావు. ఇరవై రెండేళ్ళ వయసులో నీ దగ్గరున్న పెద్ద ఆస్తి నీ జీతమే, బ్యాంకులో ఉన్నది దాని ముందు చిల్లర. ఆ జీతం ఇప్పటికే ఆ ఒక్క కంపెనీ మీద ఆధారపడి ఉంది. దాని పైన సేవింగ్స్ కూడా అక్కడే పెడితే, కంపెనీకి జలుబు చేస్తే నీకు రెండు ముక్కుల్లోంచీ కారుతుంది. కంపెనీ దెబ్బతిన్నప్పుడు షేర్ పడిపోవడం, ఉద్యోగాలు తీసేయడం చాలాసార్లు విడివిడిగా రావు, ఒకే కారణంతో దాదాపు ఒకే సమయంలో వస్తాయి.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. అమెరికాలో ఎన్రాన్ అని ఎనర్జీ కంపెనీ ఉండేది. అక్కడి ఎంప్లాయీస్ రిటైర్మెంట్ ఖాతాల్లో ఉన్న డబ్బులో దాదాపు 60 శాతం ఎన్రాన్ షేర్లలోనే ఉండేది. వాళ్ళేమీ అమాయకులు కాదు, రోజూ లోపల పనిచేసేవాళ్ళు, కంపెనీ గురించి బయటివాళ్ళకంటే మాకే బాగా తెలుసు అనుకున్నవాళ్ళు. 2000లో ఆ షేర్ 90 డాలర్ల దాకా వెళ్ళింది, 2001 డిసెంబర్ 2న కంపెనీ దివాలా పిటిషన్ వేసే నాటికి డాలర్ లోపుకి వచ్చేసింది. వేలమందికి ఉద్యోగం పోయింది, అదే సమయంలో రిటైర్మెంట్ డబ్బూ పోయింది. కొందరికి అమ్మాలనుకున్నా కుదరలేదు, ఎందుకంటే కంపెనీ తన వాటాగా ఇచ్చిన షేర్లని 50 ఏళ్ళు వచ్చేదాకా అమ్మకూడదని రూలు. నీ స్కీమ్‌లో లాక్-ఇన్ సంగతి ముందే అడగమన్నది ఇందుకే. అన్ని కంపెనీలూ ఎన్రాన్‌లా లెక్కల్లో మోసం చేస్తాయని కాదులే, మోసం లేకపోయినా ఒక్క పెద్ద క్లయింట్ పోతే చాలు.

నీ కేసులోనే లెక్క వేసి చూపిస్తా, రూపాయల్లో కాకుండా నెలల్లో వేద్దాం. రెండేళ్ళు పనిచేసి పది నెలల ఖర్చుకి సరిపడా దాచావనుకో. మొత్తం కంపెనీ షేర్లలో ఉంది. కంపెనీ చెడింది, షేర్ 80 శాతం పడింది, నీ ఉద్యోగం పోయింది. మిగిలింది రెండు నెలల ఖర్చు. జాబ్ వెతకడానికి నాలుగు నెలలు పడుతుందనుకుంటే మూడో నెలలో అప్పు మొదలు, పైగా బాగా పడిపోయిన రేటుకే షేర్లన్నీ అమ్ముకోవాలి, తర్వాత అది లేచినా నీకు పనికిరాదు.

అదే పది నెలలని ఇలా పంచావనుకో: నాలుగు నెలలది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో, నాలుగు నెలలది మార్కెట్ మొత్తాన్నీ కొనే ఇండెక్స్ ఫండ్‌లో, ఒక నెలది బంగారంలో, ఒక నెలది మాత్రం కంపెనీ షేర్లలో. అదే దెబ్బ, షేర్ 80 శాతం పడింది. ఆ దెబ్బకి మార్కెట్ కూడా బాగాలేదు, ఇండెక్స్ ఫండ్ కూడా 20 శాతం పడింది అనుకుందాం, మరీ సుఖంగా లెక్కలు వేసుకోకూడదు కదా. కంపెనీ షేర్లు ఒక నెల నుంచి 0.2 నెలకి వచ్చాయి, ఫండ్ 4 నుంచి 3.2కి వచ్చింది, డిపాజిట్ నాలుగూ, బంగారం ఒకటీ అలాగే ఉన్నాయి. మొత్తం 8.4 నెలలు. ఆ నాలుగు నెలలు డిపాజిట్ తీసుకుని తింటూ జాబ్ వెతుక్కోవచ్చు, ఫండ్‌ని ముట్టుకోనక్కర్లేదు.

ఇంకో సంగతి, పోయింది మళ్ళీ రావాలంటే ఎంత పెరగాలి అన్నది. 8.4 మళ్ళీ 10 అవ్వాలంటే 19 శాతం పెరిగితే చాలు. 2 మళ్ళీ 10 అవ్వాలంటే 400 శాతం పెరగాలి, అంటే ఐదింతలు. నష్టం పెద్దదయ్యే కొద్దీ తిరిగి రావాల్సిన దూరం అంతకంటే వేగంగా పెరిగిపోతుంది. సగం పోతే సగం వస్తే చాలదు, రెట్టింపు అవ్వాలి, ఈ ఒక్క ముక్క చాలామందికి చేతిలో కాలేదాకా తట్టదు.

ఇక లాభం తగ్గిపోతుంది కదా అన్నావు. సగం నిజం. మీ సీనియర్ పట్టుకున్న షేర్ రెండింతలైతే నువ్వు పంచిపెట్టినదాంట్లో ఆ ఒక్క భాగమే రెండింతలవుతుంది, ఆ సంవత్సరం వాడు నీ ముందు కాలర్ ఎగరేస్తాడు, అది భరించాలి. కానీ ఏది రెండింతలవుతుందో ముందే తెలిస్తే కదా. తెలియనప్పుడు లెక్క ఇలా ఉంటుంది: ఐదు పెట్టుబడులున్నాయి, ఒక్కోటి పూర్తిగా మునిగే అవకాశం పదిలో ఒకటి, ఒకదానికి ఒకటి సంబంధం లేదు. మొత్తం ఒక్కదాంట్లో పెడితే అంతా పోయే అవకాశం 10 శాతం. ఐదింటిలో పంచితే ఏదో ఒకటి మునగడం మాత్రం ఎక్కువే, 41 శాతం! అవును, పంచినవాడికే ఎక్కడో ఒకచోట నష్టం ఎక్కువసార్లు కనబడుతుంది, అందుకే జనం విసుగొచ్చి మళ్ళీ ఒకే చోటికి వెళ్ళిపోతుంటారు. కానీ ఎక్కువసార్లు మునిగేది ఒక్కటే, అంటే పోయేది ఐదో వంతు. రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ మునిగే అవకాశం 8 శాతమే, ఐదూ కలిసి మునగడం లక్షలో ఒకటి. సగటు నష్టం చూస్తే రెండు పద్ధతుల్లోనూ ఒకటే, 10 శాతం. మారింది నష్టం వచ్చే ఆకారం, ఒకేసారి ప్రాణం మీదికి వచ్చేది కాస్తా చిన్న చిన్న గాయాలుగా మారింది.

ఈ లెక్క మొత్తం నిలబడేది "ఒకదానికి ఒకటి సంబంధం లేదు" అన్న మాట మీద. అమెరికా ఆర్థికవేత్త హ్యారీ మార్కోవిట్జ్ 1952లో లెక్క కట్టి చూపించింది ఇదే, ఎన్ని ఉన్నాయన్నది కాదు అవి ఎంత కలిసి కదులుతున్నాయన్నది ముఖ్యం అని, 1990లో ఆయనకి ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది కూడా దీనికే. ఐదు సాఫ్ట్‌వేర్ కంపెనీల షేర్లు కొని డైవర్సిఫై చేశా అనుకుంటే అది పేరుకే, ఆ రంగానికి ఆర్డర్లు తగ్గితే ఐదూ కలిసే పడతాయి, నువ్వు కూడా అదే రంగంలో ఉంటే జీతంతో కలిపి ఆరు. నేనూ ఈ తప్పు చేశా, మూడు ఫండ్లు కొని మూడు చోట్ల పెట్టానని చాలా ఏళ్ళు నిశ్చింతగా ఉన్నా. ఒకరోజు మూడింటి ఫ్యాక్ట్‌షీట్లు, అంటే ఏ ఫండ్ ఏయే కంపెనీల్లో పెట్టిందో చూపే కాగితాలు, పక్కపక్కన పెట్టుకుని చూస్తే పైనున్న పది కంపెనీల్లో ఏడు మూడింట్లోనూ అవే! మూడు చెక్కులు రాసి ఒకటే వస్తువు కొన్నట్టు. నువ్వు కూడా ఫండ్లు కొన్నాక ఇలా పక్కపక్కన పెట్టి చూసుకో, పది నిమిషాల పని. ఇంకో పరీక్ష కూడా ఉంది, మార్కెట్ బాగా పడిన రోజు నీ ఖాతా తెరువు, అన్నీ ఎర్రగా ఒకే అంత పడి ఉంటే నువ్వు పంచలేదన్నమాట.

దీనికీ హద్దులున్నాయి, అది దాచి చెప్పడం నాకిష్టం ఉండదు. 2008లో అమెరికా ఎస్ అండ్ పీ 500 ఇండెక్స్ 38 శాతానికి పైగా పడింది, అందులో 500 కంపెనీలున్నాయి మరి. షేర్లని ఎన్ని కంపెనీల్లో పంచినా ఒక కంపెనీ మునిగే రిస్క్ పోతుందే గానీ మార్కెట్ మొత్తం పడే రిస్క్ పోదు. ఆ ఏడాది ఆదుకున్నవి ప్రభుత్వ బాండ్లు, అందుకే అసలు రకమే వేరైనది కొంత ఉండాలి అంటారు. అది కూడా ప్రతిసారీ పనిచెయ్యదు, 2022లో వడ్డీ రేట్లు గబగబా పెరిగితే షేర్లూ బాండ్లూ కలిసే పడ్డాయి. అప్పుడు పనికొచ్చింది చేతిలో ఉన్న నగదు, తక్కువ కాలం డిపాజిట్లు.

కాబట్టి జాయిన్ అయ్యాక వరస ఇలా పెట్టుకో. ముందు నాలుగు నుంచి ఆరు నెలల ఖర్చు డిపాజిట్‌లో చేరేదాకా మిగతావాటి గురించి ఎక్కువ ఆలోచించకు. డిస్కౌంట్ స్కీమ్‌లో చేరు, అమ్మే వీలు రాగానే అమ్మి ఆ డబ్బు ఇండెక్స్ ఫండ్‌కీ డిపాజిట్‌కీ పంపించు. కంపెనీ మీద నిజంగా నమ్మకం ఉంటే ఉంచుకో, కానీ మొత్తం సేవింగ్స్‌లో పదో వంతు దాటనివ్వకు, షేర్ పెరిగి తనంతట తనే దాటిపోయినా ఎక్కువైనంత వరకు అమ్మెయ్. ఏడాదికొకసారి, ఇంక్రిమెంట్ లెటర్ వచ్చిన రోజు చూసుకుంటే చాలు, ఆ రోజు ఎలాగూ లెక్కలు వేసుకుంటూనే ఉంటావు.