మంచు ఖండంలో పదెకరాల పత్రం: డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: పలాస దగ్గర జీడితోట అమ్మిన సొమ్ములో 6 లక్షలు 2024 మార్చి 12న మా మేనమామ కొడుక్కి ఇచ్చాను. 4.5 లక్షలు బ్యాంకులో వేశాను, మిగతాది నగదు. అంటార్కిటికాలో ఏ దేశానికీ చెందని చోట పదెకరాల ఖనిజ హక్కు అంటూ 100 రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ చేయించి ఇచ్చాడు. 2048లో నిషేధం పోయి తవ్వకాలు మొదలవుతాయన్నాడు. ఇప్పుడు దాన్ని వేరొకరికి అమ్మిపెడతానంటున్నాడు. అమ్మాయి పెళ్లి దగ్గరపడింది, ఇంట్లో నిద్రలేదు. ఒప్పుకోమంటారా?
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ బంధువు మంచివాడా కాదా అన్నది ఈ కేసును తేల్చదు. అమ్మే హక్కు అతనికి ఎవరు ఇచ్చారన్నదే తేలుస్తుంది, ఆ హక్కు ఇవ్వగలవారు లేరు. అంటార్కిటికాలో 7 దేశాలు భూభాగాలు తమవంటున్నా, 1961లో అమలులోకి వచ్చిన అంటార్కిటికా ఒప్పందంలోని 4వ అధికరణం ఆ వాదనలను ఉన్నవి ఉన్నట్టే పక్కన పెట్టి, ఒప్పందం అమలులో ఉన్నంతకాలం కొత్త వాదనలు కుదరవంది. ఆ ఖండంలో మేరీ బర్డ్ ల్యాండ్‌ను ఏ దేశమూ కోరలేదు కనుక ముందు వచ్చినవాడిదే అనుకోవడం పొరపాటు. అంటార్కిటికాలో మైత్రి, భారతి పరిశోధన కేంద్రాలు నడుపుతున్న మన దేశమే అంగుళం నేల తనదనలేదు.

ఇక 2048 సంగతి. ఆ ఒప్పందానికి అనుబంధంగా 1998లో అమలులోకి వచ్చిన మాడ్రిడ్ ప్రోటోకాల్ 7వ అధికరణం శాస్త్రీయ పరిశోధనకు తప్ప ఖనిజాల జోలికే పోరాదంటుంది. 50 ఏళ్ల తర్వాత సమీక్ష సమావేశం కోరవచ్చు, అంతే. నిషేధం దానంతటదే ముగియదు, దాని స్థానంలో మరో కట్టుబాటు అమలులోకి వస్తే తప్ప తొలగదు. పైగా మన 2022 అంటార్కిటిక్ చట్టం ప్రకారం పర్మిట్ లేకుండా అక్కడ ఖనిజాలు తవ్వితే ఏడేళ్ల వరకు జైలు, 10 నుంచి 50 లక్షల జరిమానా.

నెల్లిమర్లలో పది సెంట్లు కొనాలన్నా ఈసీ, అడంగల్, లింకు డాక్యుమెంట్లు అడుగుతాం. మీరు లక్షన్నరకు రసీదు కూడా అడగలేదు. నోటరీ ముద్ర సంతకం ఎవరిదో చెబుతుందే గాని, లేని హక్కును పుట్టించదు.

ఆ పత్రాన్ని మాత్రం ఎవరికీ అమ్మనివ్వకండి. ఈ జవాబు చదివాక అమ్మితే, తెలిసి మోసగించినవారు మీరవుతారు, ఇప్పుడు ఫిర్యాది స్థానంలో ఉన్నవారు ముద్దాయి స్థానంలో నిలబడతారు.

బ్యాంకు బదిలీ ఏదైనా కంపెనీ పేరున జరిగిందా, అతని సొంత ఖాతాకా? స్టేట్‌మెంటు తీసి చూడండి. సొంత ఖాతాకైతే ప్రతివాది అతనే. నగదు గురించి వాట్సాప్‌లో "మొత్తం 6 లక్షలు ఎప్పుడిస్తావు" అని మామూలుగా రాయండి. అతను ఒప్పుకుంటూ జవాబిస్తే ఆ ఫోను మార్చకండి, అందులో ఏదీ చెరపకండి. కోర్టులో దానికి కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షను సర్టిఫికెట్ జతచేయాలి.

మీ ఇద్దరి మధ్య ఒప్పందం మొదటినుంచీ చెల్లనిది కనుక కాంట్రాక్టు చట్టం 65వ సెక్షను కింద సొమ్ము వాపసు కోరవచ్చు. గడువు మూడేళ్లు. మోసం ఆలస్యంగా తెలిసిందనే వాదన ఉన్నా, దాని మీద ఆధారపడకుండా చెల్లించిన తేదీ నుంచే లెక్కించి, 2027 మార్చి 12 లోపల దావా వేయండి. పెద్దమనుషుల దగ్గర కూర్చున్నంత మాత్రాన గడువు ఆగదు. లాయరు నోటీసు ఇచ్చినా ఆగదు. ఈలోగా అతను కొంత చెల్లిస్తే, ఎంత ఇచ్చాడో, ఇంకా ఎంత బాకీ ఉన్నాడో తేదీతో రాయించి సంతకం తీసుకోండి, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. పోలీసు ఫిర్యాదు వేరుగా ఇవ్వవచ్చు. సంఘటన 2024 జూలై 1కి ముందుది కనుక అది పాత ఐపీసీ 420 కిందకే వస్తుంది.