మందు మీద గంజాయి పడితే ఎందుకంత తిప్పేస్తుంది?

"రెండు బీర్లు తాగినా నాకేం కాదు, ఒక జాయింట్ లాగినా ఏం కాదు. రెండూ కలిపితే మాత్రం గది గిర్రున తిరిగి, వాంతులై, ముఖం పాలిపోయింది. ఎందుకు?"

ముఖ్య కారణం, ముందు మందు తాగి ఉండటం. ఒంట్లో ఆల్కహాల్ ఉన్నప్పుడు గంజాయి పీలిస్తే, దాని మత్తు పదార్థమైన టీహెచ్‌సీ రక్తంలో మామూలుకన్నా ఎక్కువ స్థాయికి చేరుతుంది. అంటే మీరు లాగింది అదే జాయింట్ అయినా, మీ ఒంటికి అందిన డోసు పెద్దది.

గది తిరగడం చెవిలో మొదలవుతుంది. లోపలి చెవిలో తల కదలికను పసిగట్టే చిన్న జిగురు పొర ఉంటుంది. ఆ పొర చుట్టూ ఉన్న ద్రవంలోకన్నా ముందు ఆల్కహాల్ ఆ పొరలోకి చేరి దాన్ని తేలిక చేస్తుంది. అందుకే పడుకోగానే, కదలకపోయినా, తిరుగుతున్నట్టు మెదడుకు కబురు వెళ్తుంది. కళ్లు మూసుకుంటే ఇంకా ఘోరం, ఎందుకంటే ఆ కబురు తప్పని చెప్పే చూపు కూడా ఉండదు. గంజాయి మత్తులో ఆ తిప్పుడు మరింత భయపెడుతుంది.

ఇక ముఖం పాలిపోవడం, చల్లని చెమటలు బీపీ పడిపోవడం వల్ల. మందు, గంజాయి రెండూ రక్తనాళాలను వదులు చేస్తాయి. లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్ముతాయి.

అలా అయితే ఇంకేమీ తీసుకోకుండా, కళ్లు తెరిచి, ఒక పక్కకు తిరిగి పడుకోవాలి. వెల్లకిలా వద్దు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒంటరిగా వదలకండి. తట్టినా లేవకపోయినా, ఊపిరి నెమ్మదించినా, ఆగి ఆగి వస్తున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి, ఏమేం తీసుకున్నారో దాచకుండా చెప్పండి.